గోడ మీద నల్లబల్ల ఉన్న చోట టీవీ

మా రోజుల్లో షెడ్డులోకి అడుగు పెట్టగానే ఎడమచేతి గోడకు ఒక నల్లబల్ల ఉండేది. దాని మీద ఒక్కో మిషన్‌కు ఎనిమిది గళ్లు, గంటకొకటి. గడి పైభాగంలో ఆ గంటలో ఎన్ని పీసులు రావాలో, కిందిభాగంలో ఎన్ని వచ్చాయో సుద్దముక్కతో రాసేవాళ్లం. బాగా తగ్గితే పక్కన ఎందుకు తగ్గిందో రెండు మాటలు. రాసేది ఆపరేటరే. గంట కాగానే నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని వెళ్లి తన లెక్క తనే రాసి వచ్చేవాడు. ఫోర్‌మన్ వచ్చి ఆ బల్ల ముందు నిలబడి చదివి, ఎక్కడ తగ్గిందో చూసి నేరుగా ఆ మిషన్ దగ్గరికి నడిచేవాడు. మిషన్ పక్కన రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడేవాడు. ఇన్సర్ట్ అరిగిందా, బేరింగ్ మొరాయిస్తోందా అన్నది చప్పుడులోనే పట్టేవాడు.

ఆ బల్ల తీసేసిన చోటే ఇప్పుడు 55 అంగుళాల టీవీ బిగించారు. దాని మీద మా 12 సీఎన్‌సీ మిషన్లు 12 పెట్టెల్లాగా కనిపిస్తాయి. నడుస్తున్నది పచ్చగా, ఆగింది ఎర్రగా, జాబ్ లేక ఎదురుచూస్తున్నది పసుపుగా. ప్రతి పెట్టెలో పెద్ద అక్షరాలతో ఒక శాతం. దీన్ని డ్యాష్‌బోర్డ్ అంటున్నారు.

నేను ఐటీఐలో టర్నర్ ట్రేడ్ పూర్తిచేసి 1984లో బాలానగర్‌లో ఒక లేత్ మిషన్ మీద చేరాను. మాలో కాస్త చురుకైనవాళ్లు డ్యూటీ అయ్యాక అక్కడే ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చిన్న కోర్సులు చేసి డ్రాయింగ్ చదవడం, జిగ్గులు కట్టడం నేర్చుకునేవాళ్లు. ఆ కాలం నుంచి ఇప్పటిదాకా కొత్త పద్ధతి వస్తోందంటూ షెడ్డు మధ్య పెట్టిన మీటింగులు చాలా విన్నాను. ఐఎస్ఓ సర్టిఫికెట్ వచ్చినప్పుడు ఒకటి. ఎర్ర చీటీలు, పచ్చ గీతలు వచ్చినప్పుడు ఒకటి. కంప్యూటర్లో స్టాకు ఎక్కించడం మొదలైనప్పుడు ఇంకొకటి. ప్రతిసారీ క్యాబిన్ నుంచి ఇస్త్రీ చొక్కా ఆయన ఒకరు వచ్చి అరగంట ఇంగ్లీషులో మాట్లాడి, మిఠాయి పంచి వెళ్లేవారు. మర్నాటి నుంచి మాకు రాయాల్సిన రిజిస్టరు ఇంకొకటి పెరిగేది. మిషన్ దగ్గర మాత్రం ఏదీ మారేది కాదు. అందుకే ఈసారి మీటింగుకు కూడా చేతులు కట్టుకుని గోడకు ఆనుకునే నిలబడ్డాను. నాతోపాటు నిలబడిన వాళ్ల మొహాలూ అలాగే ఉన్నాయి.

మాట్లాడింది మా టీమ్ లీడ్. ముప్పై ఏళ్లు కూడా ఉండని అమ్మాయి. మధ్యాహ్నం రెండింటికి, మొదటి షిఫ్టు దిగేవాళ్లు, రెండో షిఫ్టు ఎక్కేవాళ్లు ఇద్దరూ ఉన్న సమయం చూసుకుని పిలిచింది. మొత్తం నలభై మందిమి. మాలో సగానికి సగం బీహార్, ఒడిశా పిల్లలు. అందుకని ఒక ముక్క తెలుగులో చెప్పి, అదే ముక్క హిందీలో చెప్పింది. ఇది నాకు నచ్చింది. ముందు తరం వాళ్లకు ఈ బుద్ధి లేదు.

ఆమె నోరు తెరవకముందే ప్రెస్ సెక్షన్ పెద్దాయన అందుకున్నాడు. "ఏమ్మా, గీ టీవీ మిషన్‌ను చూడనీకా, మమ్మల్ని చూడనీకా?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు ముందే తెలుసనుకుంటాను. "నా వెంట రండన్నా" అని అందర్నీ ఏడో నంబరు మిషన్ వెనక్కి తీసుకెళ్లి ఎలక్ట్రికల్ ప్యానెల్ తలుపు తెరిపించింది. లోపల సబ్బుపెట్టె అంత చిన్న పెట్టె ఒకటి ఉంది. దానిలోకి రెండే వైర్లు వెళ్తున్నాయి. ఒకటి మిషన్ నెత్తి మీద ఉండే పచ్చ లైటు నుంచి వచ్చిన వైరు. లైటు వెలిగితే మిషన్ నడుస్తోందని, జాబ్ మార్చేంత సమయానికి మించి ఆరితే ఆగిందని పెట్టె రాసుకుంటుంది. రెండోది పీసుల లెక్క. ప్రోగ్రామ్ చివర్న M30 రాగానే కంట్రోలర్ ఒక సిగ్నల్ ఇస్తుంది, పెట్టె ఒక పీసు అని లెక్క వేస్తుంది. కెమెరా లేదు, మైకు లేదు, ఎవరు నడుపుతున్నారన్నది దానికి తెలియదు. పెద్దాయన వంగి రెండు వైర్లనూ వేలితో పట్టుకుని ఎక్కడిదాకా పోతున్నాయో చూసి లేచాడు. అరగంట ఉపన్యాసం చేయలేని పని ఆ తలుపు తెరవడం చేసింది.

అయితే ఆ పెట్టె రెండు వారాలుగా అక్కడే ఉందని అప్పుడే బయటపడింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఏదో బిగిస్తుంటే సర్వీసింగ్ అనుకున్నాం. "రెండు వారాల్నుంచి మా లెక్క తీస్తున్నరా?" అని ఒకరిద్దరు గొంతు పెంచారు. ఆమె దాటవేయలేదు. "అవునన్నా, చెప్పకుండా పెట్టడం తప్పే. మిగతా మిషన్లకు మీ ముందే బిగిస్తాం" అంది. నా ఇన్నేళ్ల మీటింగుల్లో మైకు దగ్గర నిలబడ్డ మనిషి తప్పే అనడం వినలేదు.

తర్వాత ఆమె చేసిన పని గురించే నేను ఇదంతా రాస్తున్నది. చేతిలో రెండు కాగితాలు తెచ్చింది. ఒకటి ఏడో నంబరు మిషన్ లాగ్‌బుక్‌లో పోయిన మంగళవారం రెండో షిఫ్టు పేజీకి జిరాక్సు. రెండోది అదే మిషన్, అదే షిఫ్టుకు పెట్టె రాసుకున్న లెక్క. రెండింటినీ పక్కపక్కన అంటించింది.

లాగ్‌బుక్‌లో సెట్టింగ్‌కు 45 నిమిషాలు, మెటీరియల్ కోసం ఆగింది 30 నిమిషాలు అని ఉంది. అంతే, మొత్తం 75. పెట్టె లెక్కలో, పుస్తకంలో సెట్టింగ్ అని రాసిన ఆగుడు 55, మెటీరియల్ అని రాసింది 25, ఇవికాక ఒక్కోటి రెండు నిమిషాల లోపు ఉన్న ఆగుళ్లు 11, అన్నీ కలిపి 20 నిమిషాలు. మొత్తం 100. పుస్తకానికీ పెట్టెకూ మధ్య 25 నిమిషాల తేడా.

ఇక్కడ మా రోజుల గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. లాగ్‌బుక్ మేం ఎప్పుడు రాసేవాళ్లం? షిఫ్టు అయిపోయి చేతులు కడుక్కున్నాక, బస్సు టైం చూసుకుంటూ, గుర్తున్నంత మేరకు. అందుకే ఏ పాత లాగ్‌బుక్ తీసినా అంకెలన్నీ 10, 15, 30, 45. పదిహేడు నిమిషాలని రాసిన పేజీ నేను చూడలేదు. మన చేతిలో ఉన్న సెట్టింగ్ ఆలస్యమైతే పది నిమిషాలు తగ్గించి రాసేవాళ్లం. స్టోర్స్ వాళ్ల వల్ల ఆగితే ఐదు నిమిషాలు పెంచేవాళ్లం. కరెంటు కోతల కాలంలో మిగిలిన నిమిషాలన్నీ ఆ గడిలోకే వెళ్లేవి. 2012లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు పెట్టినప్పటి పేజీలు తీసి చూస్తే ఏది కరెంటు లేక ఆగిందో, ఏది మా వల్ల ఆగిందో దేవుడు కూడా విడదీయలేడు. భయం వల్ల రాసిన రాతలు అవి. పది నిమిషాలు ఎక్కువ రాస్తే క్యాబిన్‌కు పిలుపు వచ్చేది.

కానీ ఆ 11 చిన్న ఆగుళ్లు లాగ్‌బుక్‌లో లేకపోవడం భయం వల్ల జరిగింది కాదు. వాటిని మేం ఆగుడుగా ఎన్నడూ అనుకోలేదు. ఆమె అడిగింది, ఆ పదకొండుసార్లు ఏం జరిగిందని. ఆ రోజు మిషన్ నడిపిన కుర్రాడు ఒడిశావాడు, మాట్లాడటానికి జంకాడు. పక్కవాడు చెప్పాడు. చిప్స్ ముక్కలుగా తెగడం లేదు, పీచులాగా పొడుగ్గా వచ్చి టూల్ చుట్టూ చుట్టుకుంటున్నాయి, తలుపు తీసి కొక్కెంతో లాగాల్సి వస్తోంది. లాగకపోతే ఆ పీచు జాబ్ మీద గీత పెడుతుంది.

మిషన్ పని తెలిసినవాడికి అది వినగానే అర్థమవుతుంది. ఇన్సర్ట్ మీద అంచు పక్కన చిన్న గాడిలా ఉంటుంది, దాన్ని చిప్ బ్రేకర్ అంటాం. వచ్చే చిప్‌ను వంచి విరగ్గొట్టడం దాని పని. కోసే లోతుకు, ఫీడ్‌కు సరిపడే గాడి ఉన్న ఇన్సర్ట్ వాడితే చిప్ కామా ఆకారంలో తెగి రాలుతుంది. రఫింగ్‌కు చేసిన ఇన్సర్ట్‌ను సన్నటి ఫినిషింగ్ కోతకు పెడితే చిప్ ఆ గాడి దాకా వెళ్లదు, దారంలా సాగిపోతుంది. నెల కిందట పర్చేజ్ వాళ్లు రెండు పనులకూ ఒకే రకం ఇన్సర్ట్ కొంటే ధర కలిసొస్తుందని మార్చారు. ఆ సంగతి మాకు చెప్పలేదు. ఒక్కో షిఫ్టుకు 20 నిమిషాలు అక్కడ పోతున్నాయి.

మా రోజుల్లో అయితే ఫోర్‌మన్ అటుగా వెళ్తూ ట్రేలో చిప్స్ చూసే కనిపెట్టేవాడు. చిప్ రంగు, చుట్ట చూసి ఇన్సర్ట్ సంగతి చెప్పగల మనుషులు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ నడక లేదు. సూపర్‌వైజర్లు కంప్యూటర్ ముందు కూర్చుని మెయిళ్లు రాసుకుంటున్నారు. ఒక నెలపాటు ట్రేల నిండా పీచు పడుతుంటే ఒక్కరి కంటా పడలేదంటే నాకు ఒళ్లు మండింది. పెట్టె 11 అని మాత్రమే చెప్పింది. పీచు అని చెప్పింది మనిషి. ఆ మనిషిని నెల రోజులపాటు ఎవరూ అడగకపోవడమే నా అసలు ఫిర్యాదు.

తర్వాత ఆమె ఆ శాతం ఎలా వస్తుందో ఒక చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నుతో వేసి చూపించింది. దీని పేరు ఓఈఈ. జపాన్‌లో మిషన్ల నిర్వహణ పద్ధతిని తీర్చిదిద్దిన సెయిచి నకజిమా దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఎనిమిది గంటల షిఫ్టు అంటే 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకు పదేసి తీసేస్తే మిషన్ నడవాల్సింది 430. ఆ రోజు 100 నిమిషాలు ఆగింది కాబట్టి నడిచింది 330. అంటే దాదాపు 77 శాతం. ఇది మొదటి మెట్టు.

రెండోది వేగం. ఒక పీసుకు 90 సెకన్లు అని కంప్యూటర్‌లో ఉంది. 330 నిమిషాల్లో 220 పీసులు రావాలి, వచ్చినవి 190. అంటే 86 శాతం. మూడోది నాణ్యత. 190లో 4 రిజెక్షన్, మంచివి 186, అంటే 98 శాతం. మూడింటినీ గుణిస్తే 65 శాతం దగ్గర తేలింది. దాన్నే ఇంకో దారిలో కూడా చూపించింది. 186 మంచి పీసులు, ఒక్కోటి నిమిషంన్నర, మొత్తం 279 నిమిషాల పని. 430తో భాగిస్తే అదే 65. చిన్న ఆగుళ్లను కొన్ని ఫ్యాక్టరీల్లో వేగం కింద వేస్తారు, మా పెట్టె ఆగుడు కింద వేసింది. ఎటు వేసినా చివరి లెక్క మారదు.

అప్పుడు మా సీనియర్ ఆపరేటర్ ఒకతను చెయ్యెత్తాడు. ఇరవై ఏళ్లుగా నా దగ్గర పని నేర్చినవాడు, అనవసరంగా మాట్లాడడు. "మేడమ్, ఆ తొంభై సెకన్లు ఎవరు కట్టిండ్రు?" అన్నాడు.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అడగాల్సిన ప్రశ్న అదే. ఆగిన నిమిషాలు పెట్టె కొలుస్తుంది. మంచి పీసుల్ని ఇన్‌స్పెక్షన్‌లో గేజ్‌లు పెట్టి తేలుస్తారు. ఈ సెకన్లు మాత్రం ఎవరో కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద కొట్టిన అంకె. అది తప్పయితే పైనున్నదంతా తప్పు.

ఆమె ఆరా తీస్తే తేలింది ఏమంటే, ప్రోగ్రామ్ నడిచే సమయం 78 సెకన్లు. జాబ్ తీసి ఇంకోటి పెట్టడానికి 12 సెకన్లు ఉంటుందని ప్లానింగ్ వాళ్లు అంచనా వేసి 90 రాశారు. "పదండి చూద్దాం" అని మళ్లీ అందర్నీ మిషన్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆ సీనియర్‌నే నడపమంది. ఒక స్టార్ట్ బటన్ నుంచి ఇంకో స్టార్ట్ బటన్ దాకా ముగ్గురు ఎవరి ఫోన్లో వాళ్లు టైం చూశారు. అలా పది పీసులు. కోత 78 సెకన్లే, సందేహం లేదు. జాబ్ మార్చడానికి సగటున 22 సెకన్లు పట్టింది.

"పన్నెండులో కాదా అన్నా?" అని అడిగింది. "అయితది" అన్నాడు అతను. చేసి చూపించాడు కూడా. పాత జాబ్ తీసి, కొత్తది పెట్టి, చక్ బిగించి, తలుపు వేసి బటన్ నొక్కాడు, పన్నెండే. "కానీ నేను గాలి కొట్టలే" అన్నాడు. చక్ జాల మధ్య చిప్ ఒక్కటి మిగిలినా జాబ్ వంకరగా కూర్చుంటుంది. కోత అయ్యాక డయల్ పెట్టి తిప్పితే ముల్లు ఊగుతుంది. అందుకని ప్రతిసారీ ఎయిర్ గన్‌తో జాలు ఊది, జాబ్ ముఖం గుడ్డతో తుడిచి పెడతాం. ఆ పది సెకన్లు మేం కొత్త కుర్రాళ్లకు తిట్టి మరీ నేర్పిన పది సెకన్లు. టీవీ మీద 90 అని ఉంటే, పక్క మిషన్ శాతం పైన ఉండి తన శాతం పడిపోతుంటే, ఇరవై ఏళ్ల కుర్రాడు మొదట మానేసేది ఆ గాలి కొట్టడమే. వేగం 86 నుంచి 96కు వెళ్తుంది, రిజెక్షన్ నాలుగు నుంచి పదిహేనుకు వెళ్తుంది. రిజెక్షన్ ఇన్‌స్పెక్షన్‌లో దొరికితే మన అదృష్టం. లేకపోతే కస్టమర్ దగ్గర దొరుకుతుంది.

ఆమె వెనక్కి వచ్చి చార్టు మీద 90 కొట్టేసి 100 అని రాసింది. మళ్లీ లెక్క వేసింది. 186 పీసులు, ఒక్కోటి 100 సెకన్లు, అంటే 310 నిమిషాలు. 430తో భాగిస్తే 72 శాతం. అప్పుడామె చెప్పిన మాట నాకు జ్ఞాపకం ఉండిపోయింది. "ఇప్పుడే మనం 65 నుంచి 72కు వచ్చాం అన్నా. ఒక్క పీసు కూడా ఎక్కువ చేయలేదు. ఎవరికైనా ఈ అంకె అందంగా కనిపించాలనుకుంటే ఇలాగే చేస్తారు. అందుకని ఇకనుంచి సెకన్లు మార్చాలంటే కాగితం మీద ఆపరేటర్ సంతకం, సార్ సంతకం రెండూ ఉండాలి." సార్ అంటే నేను. రిటైరయ్యాక మళ్లీ పిలిచి పెట్టుకున్న మనిషిని, నాకు పెద్ద అధికారమేమీ లేదు. అయినా ఆ సంతకం బాధ్యత తీసుకున్నాను. వేగం ఎప్పుడైనా 100 శాతం దాటి కనిపిస్తే ఆ మిషన్‌కు సెకన్లు తప్పుగా కట్టారని గుర్తు పట్టమని కూడా ఆమే చెప్పింది. ఉన్న కాలంలో పట్టాల్సిన దానికన్నా ఎక్కువ ఎవరూ చేయలేరు.

ఇక అందరి మనసులో ఉన్న ప్రశ్న మిగిలింది, జీతం. ఎర్రగా ఉంటే ఇన్సెంటివ్ కోస్తారా అని. ఈ విషయంలో నా అనుమానానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక షాపులో మిషన్ కౌంటర్‌లో పడ్డ అంకెను బట్టి ఇన్సెంటివ్ ఇచ్చేవాళ్లు. మూడు నెలలు తిరిగేసరికి కౌంటర్‌లో పీసులు పెరిగాయి, ఇన్‌స్పెక్షన్ బల్ల మీద పెరగలేదు. రాత్రి షిఫ్టులో చక్‌లో జాబ్ లేకుండానే ప్రోగ్రామ్ తిప్పేవాళ్లు. టూల్ గాలిలో తిరిగి వచ్చేది, చివర్న M30 పడేది, కౌంటర్ ఒకటి పెరిగేది. చెడిపోయిన పీసులు చిప్స్ ట్రాలీ అడుగున దొరికేవి. వాళ్లు దొంగలు కారు, నాకు బాగా తెలిసిన మనుషులు. పిల్లల ఫీజులకు ఆ ఇన్సెంటివ్ మీద లెక్కలు కట్టుకున్నవాళ్లు. వాళ్లలో ఆరుగురిని తీసేశారు. ఆ కౌంటర్‌కు డబ్బు ముడిపెట్టిన మనిషికి మాత్రం ప్రమోషన్ వచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తీరలేదు.

ఆ సంగతి నేను మీటింగులో చెప్పాను. ఆమె విని, టీవీ మీద ఎవరి పేరూ రాదని, మిషన్ నంబరే వస్తుందని, ఈ శాతాన్ని జీతంతో గానీ ఇన్సెంటివ్‌తో గానీ ముడిపెట్టరని యజమాని చేత రాయించి నోటీసు బోర్డులో పెట్టిస్తానంది. నోటిమాట సరిపోదని నేను పట్టుబట్టాను. నాలుగు రోజులకు ఆ కాగితం యజమాని సంతకంతో, తెలుగులో, హిందీలో వచ్చింది. కౌంటర్ లెక్కను, ఇన్‌స్పెక్షన్‌లో తేలిన లెక్కను ప్రతి షిఫ్టుకూ సరిచూడటం కూడా మొదలుపెట్టారు. రెండూ కలవకపోతే మొదట మిషన్ దగ్గరికి వెళ్లి అడగాలని పెట్టుకున్నాం. సెట్టింగ్ చూసుకోవడానికి ఖాళీగా తిప్పినా లెక్క పడుతుంది మరి.

యజమాని గురించి ఒక మాట. ఆయన ఎక్కడో 85 శాతం అని విన్నాడు. ప్రపంచ స్థాయి ఫ్యాక్టరీలకు ఆ అంకె గీటురాయి అని పుస్తకాల్లో ఉంటుంది. నడక 90, వేగం 95, నాణ్యత 99 అనుకుంటే గుణకారంలో అంత వస్తుంది. రోజంతా ఒకే పీసు చేసే లైనుకు అది కుదురుతుందేమో. మాది రోజుకు రెండు మూడు సార్లు జాబ్ మారే షాపు, మారినప్పుడల్లా జాలు బోరు కొట్టుకోవాలి, ఆఫ్‌సెట్లు చూసుకోవాలి, మొదటి పీసు పాస్ చేయించుకోవాలి. సెట్టింగ్ తగ్గించుకోవాలంటే పెద్ద పెద్ద లాట్లు చేసి గోడౌన్ నింపాలి, శాతం పెరుగుతుంది, డబ్బు స్టాకులో ఇరుక్కుంటుంది. ఆమె ఈ మాట యజమాని ముందు కూడా అందట. మంచిదే.

టీవీ మీద నాకు మొదట్నుంచీ ఉన్న అభ్యంతరం ఇంకొకటి. మిషన్ మూడు నిమిషాలకు మించి ఆగితే పక్కనున్న చిన్న తెర కారణం అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కంపెనీ 42 కారణాలు పెట్టి ఇచ్చింది, అన్నీ ఇంగ్లీషులో. గ్లౌజు చేతులతో కిందికి జరుపుకుంటూ వెతికేదెవరు? మొదటి వారం ఆగుళ్లలో మూడొంతులు 'ఇతరాలు' కింద పడ్డాయి. మిగిలినవాటిలో చాలా భాగం జాబితాలో అన్నిటికన్నా పైన ఉన్న కారణం కింద పడ్డాయి. మా లాగ్‌బుక్‌లో కరెంటు గడి చేసిన పనే ఇక్కడ 'ఇతరాలు' చేసింది. చివరికి కూర్చుని ఎనిమిదికి తగ్గించాం. సెట్టింగ్, మెటీరియల్ లేదు, ఇన్సర్ట్ మార్పు, చిప్స్, ఇన్‌స్పెక్షన్ కోసం, బ్రేక్‌డౌన్, కరెంటు, మనిషి లేడు. తెలుగులో, హిందీలో, పక్కన బొమ్మతో. ఈ ఎనిమిదీ కాక మిగిలిన 'ఇతరాలు' తీసేయమన్నాను. అది ఉంచక తప్పదంది. ఉంచి, రోజూ పొద్దున అందులో పడ్డవన్నీ ఆపరేటర్ దగ్గరికి వెళ్లి అడిగి విడదీస్తోంది. అలా చేసినంతకాలం నాకు అభ్యంతరం లేదు.

పాత రకం ఇన్సర్టులు మళ్లీ తెప్పించాక ఏడో నంబరులో చిన్న ఆగుళ్లు షిఫ్టుకు రెండు మూడుకు దిగాయి. అది టీవీ మీదే చూశాను, ఒప్పుకుంటాను. నల్లబల్ల మీద 20 నిమిషాలు ఒక్కో గంటకు రెండున్నర నిమిషాలుగా విడిపోయి, గంటకు ఒకటి రెండు పీసుల తేడాగా కనిపించేవి. ఒకటి రెండు పీసులు తగ్గితే మేం కారణం రాసేవాళ్లం కాదు.

నాకు ఇంకా మింగుడుపడనిది క్యాబిన్ సంగతి. ఇప్పుడు అదే తెర మేనేజర్ల ఫోన్లలోకి వచ్చింది. ఎర్రగా కనిపిస్తే ఇంట్లోంచి ఫోన్ చేసి "ఏడు ఎందుకు ఆగింది?" అంటున్నారు. కొక్కెంతో చిప్స్ లాగుతున్నవాడు చెయ్యి బయటికి తీసి ఫోన్ ఎత్తాలి. మా ఫోర్‌మన్‌కు ఆ ప్రశ్న వేయాలంటే ముప్పై అడుగులు నడవాల్సి వచ్చేది, నడిచి వచ్చినవాడికి సగం జవాబు కళ్లకే కనిపించేది, మిగతా సగానికి చెయ్యి కూడా వేసేవాడు. ఆ అమ్మాయి ఒక్కతే షిఫ్టు మారినప్పుడు పది నిమిషాలు టీవీ ముందు నిలబడి, ఎక్కువ ఎర్రగా ఉన్న మిషన్ దగ్గరికి అందర్నీ తీసుకెళ్తోంది. ఆమె సెలవు పెట్టిన రోజు ఆ పది నిమిషాలు ఉండవు.

అందుకే నల్లబల్ల మళ్లీ కావాలని అడిగాను. స్టోర్స్ వెనక పడి ఉన్నదాన్ని తీయించి, కడిగించి, టీవీ కింద బిగించారు. మిషన్ ఎంతసేపు ఆగిందో టీవీ చూపిస్తుంది, ఎందుకు ఆగిందో ఆపరేటర్ తన చేత్తో కింద రాస్తాడు.

మీ షెడ్డులో ఇలాంటి టీవీ పెట్టబోతున్నవాళ్లు ఉంటే నేను కోరేది ఒక్కటే. తెర వెలిగించే ముందు ప్రతి జాబ్‌కూ సెకన్లు మిషన్ దగ్గర నిలబడి కొలవండి. కొలిచేటప్పుడు ఆ మిషన్ నడిపేవాడిని పక్కన నిలబెట్టుకుని, గాలి కొట్టే పది సెకన్లు కూడా అందులో కలపండి.